అకాడమీకి వెళ్లే పిల్లకు కోచ్ రాసే సిఫారసు లేఖ: స్టాప్‌వాచ్ నోటుబుక్కు నుంచి సంతకం దాకా

స్పోర్ట్స్ అకాడమీల సెలక్షన్ల నోటిఫికేషన్ పడిందంటే పీఈటీ, పీడీ మిత్రుల నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: “అన్నా, కోచ్ లెటర్‌కు ఫార్మాట్ ఏమన్నా ఉందా?” ఫార్మాట్ పంపడం ఎంతసేపు? అందులో నింపాల్సిన సరుకు దగ్గరే చిక్కంతా. “క్రమశిక్షణ గల విద్యార్థిని, కష్టపడే తత్వం, ఉజ్వల భవిష్యత్తు ఉంది” అని నింపి పంపిస్తారు. అదే సంచిలో అలాంటి కాగితాలు ఇంకో యాభై ఉంటాయి.

ఇక్కడ ఒకే కేసు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నడుద్దాం. జిల్లా పరిషత్ హైస్కూల్‌లో తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్ల అమ్మాయి, 600 మీటర్ల పరుగు. హాస్టల్ ఉన్న ఒక అథ్లెటిక్స్ అకాడమీకి దరఖాస్తు చేస్తోంది. రాస్తున్నది వాళ్ల స్కూల్ పీఈటీ. పిల్ల, అంకెలు, అకాడమీ అన్నీ ఉదాహరణ కోసం నేను కల్పించినవే. కబడ్డీకో బ్యాడ్మింటన్‌కో రాసేవాళ్లకు అంకెలు మారతాయి గానీ పని వరుస ఇదే.

## 1. ఆ అకాడమీ ఈ లేఖను దేనికి వాడుతుందో ముందు తెలుసుకోండి

అన్నిచోట్లా లేఖకు ఒకే విలువ ఉండదు. హకీంపేట లాంటి ప్రభుత్వ క్రీడా పాఠశాలలో నాలుగో తరగతి ప్రవేశాలు పరీక్షల మీద నడుస్తాయి. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, నిలబడి దూకే బ్రాడ్ జంప్, షటిల్ రన్, మెడిసిన్ బాల్, 800 మీటర్లు, ఇలా వరసగా పెట్టి మార్కులేస్తారు. అక్కడ మీరు ఎంత గొప్పగా రాసినా ఒక్క మార్కు కలవదు. నోటిఫికేషన్‌లో అడగకపోతే రాయకండి. ఆ సమయం పిల్లకు బ్రాడ్ జంప్ నేర్పడానికి వాడండి.

లేఖ పనికొచ్చే చోట్లు వేరు. దరఖాస్తుల నుంచి కొందరినే ట్రయల్స్‌కు పిలిచే అకాడమీలు, ఫీజు మినహాయింపు సీట్లు ఇచ్చే ప్రైవేటు అకాడమీలు, ట్రయల్స్‌లో ఇద్దరు ముగ్గురు ఒకే స్థాయిలో ఉన్నప్పుడు ఎవరిని తీసుకోవాలో తేల్చుకోవాల్సిన చోట్లు.

ఈ మూడింటిలోనూ చదివేవాడు కోచే. పిల్ల ఎంత వేగంగా పరుగెత్తుతుందో ట్రయల్ రోజున తనే చూసుకుంటాడు. రెండు గంటల్లో తనకు కనపడనిది మీకు రెండేళ్లుగా కనపడింది. ఆ రెండేళ్లదే అతనికి కావాలి. లేఖలో ఏ వాక్యం ఉండాలి, ఏది పోవాలి అన్న సందేహం వచ్చినప్పుడల్లా ఈ కొలతే వాడండి: ఇది ట్రయల్‌లో కనపడేదా? కనపడేదైతే ఒక్క లైను చాలు.

## 2. పెన్ను పట్టే ముందు బల్ల మీదికి రావాల్సినవి

తల్లిదండ్రులు గడువుకు ముందురోజు సాయంత్రం వచ్చి “సార్, రెండు ముక్కలు రాసివ్వండి” అంటే వచ్చేది రెండు ముక్కలే. కనీసం రెండు వారాల ముందు అడగమనండి. వచ్చేటప్పుడు ఇవి తెమ్మనండి:

- అకాడమీ నోటిఫికేషన్ పూర్తి కాపీ (వాట్సాప్‌లో తిరిగే సగం ఫోటో కాదు)
- జనన ధ్రువీకరణ పత్రం జిరాక్స్
- పోటీల సర్టిఫికెట్లు, కింద పడ్డవి, ఓడినవి అన్నీ కలిపి
- గాయాలకు డాక్టర్‌కు చూపించి ఉంటే ఆ చీటీలు
- గాయాల సంగతి లేఖలో రాయవచ్చని అమ్మానాన్నల్లో ఒకరి సంతకంతో చిన్న అంగీకారం

మీ వైపు నుంచి రావాల్సినవి రెండే: మీ టైమింగ్ నోటుబుక్కు, ప్రాక్టీస్ హాజరు రిజిస్టర్. ఈ రెండూ లేకపోతే లేఖ ఇంకో నెల ఆపుకోగలరేమో చూడండి. ఆ నెలలో వారానికోసారి టైమ్ తీసి, తేదీ వేసి రాస్తే కనీసం నాలుగు నికరమైన అంకెలైనా చేతిలో ఉంటాయి. జ్ఞాపకం మీద రాసిన టైమ్‌లు ఎప్పుడూ అసలు కన్నా ఒకట్రెండు సెకన్లు తక్కువే గుర్తుంటాయి, అదేం చిత్రమో.

పుట్టిన తేదీ దగ్గర ఒక జాగ్రత్త. మన బడి రిజిస్టర్లలో జూన్‌లో పుట్టిన పిల్లలు ఎందుకంతమందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆధార్‌లో ఒకటి, బడిలో ఒకటి, జనన పత్రంలో ఒకటి ఉంటే లేఖ రాయకముందే తల్లిదండ్రులతో తేల్చండి. అనుమానం వస్తే ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగట్టే టీడబ్ల్యూ3 పరీక్షకు పంపుతారు. “ఈమె వయసు పద్నాలుగేళ్లని ధ్రువీకరిస్తున్నాను” అని కోచ్ ఎప్పుడూ రాయకూడదు. ధ్రువీకరించే అధికారం మనకు లేదు. “జనన పత్రం ప్రకారం పుట్టిన తేదీ ఫలానా” అంటే చాలు.

## 3. టైమ్‌ను నమ్మేలా రాయడం

లేఖ నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

చేతి స్టాప్‌వాచ్ మీద 1:47.21 అని కనిపించిందనుకోండి. చాలామంది అదే దించుతారు. చేతి టైమ్‌ను పదో వంతుకే రాయాలి, అదీ పై అంకెకు జరిపి. అంటే 1:47.21 అన్నది 1:47.3 అవుతుంది. వాచీలో 1:47.30 అని సరిగ్గా పడితేనే 1:47.3గా అలాగే ఉంచాలి. స్కూల్ గ్రౌండ్‌లో తీసిన టైమ్‌కు చుక్క తర్వాత రెండంకెలు కనిపిస్తే అవతలి కోచ్‌కు వెంటనే అర్థమైపోతుంది, ఈయనకు టైమింగ్ రూల్ తెలియదని. ఆ తర్వాత మీరు రాసిన ఏ అంకెనూ అంత సులభంగా నమ్మడు.

రెండోది గ్రౌండ్. మన స్కూళ్లలో 400 మీటర్ల ట్రాక్ ఎక్కడిది? సున్నంతో గీసుకున్న 200 మీటర్లదే. దాన్ని ఎలా కొలిచారో ఒక ముక్కలో చెప్పండి. అంచు కట్ట లేని ట్రాక్‌లో లోపలి గీతకు 20 సెంటీమీటర్లు బయటగా కొలవాలి. గీత మీదే టేపు పెట్టి 200 కొలిచి ఉంటే పిల్ల ప్రతి ల్యాప్‌కూ 1.26 మీటర్లు ఎక్కువ పరుగెత్తుతున్నట్టు. మూడు ల్యాప్‌లకు దాదాపు నాలుగు మీటర్లు, ఈ అమ్మాయి వేగానికి అర సెకను పైమాటే. ఈ తేడా పిల్లకు నష్టమే గానీ లాభం కాదు, అందుకని దాచాల్సిన పని లేదు. గుడ్డ టేపు వాడకండి, సాగుతుంది. స్టీలు టేపు దొరక్కపోతే ఏ ఇంజినీరింగ్ పని జరిగేచోటో అరగంట అడిగి తెచ్చుకోవచ్చు.

మూడోది, 100 మీటర్లవాళ్లకు రాసేవాళ్ల కోసం. 600 పరుగు 200 మీటర్ల ట్రాక్‌లో మొదలైన గీత దగ్గరే ముగుస్తుంది, మీరు అక్కడే నిలబడతారు కాబట్టి ఇబ్బంది లేదు. 100 మీటర్లకు మీరు ముగింపు దగ్గర ఉంటారు, క్లాపర్ అవతల మోగుతుంది. ఆ చప్పుడు మీ చెవికి చేరడానికే దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. చప్పుడు విని వాచీ నొక్కితే మీ పిల్ల ఉన్నదాని కన్నా 0.3 సెకన్లు వేగంగా కనిపిస్తుంది. క్లాపర్ చెక్కలు కలిసేది కంటితో చూసి నొక్కాలి. చేతి టైమ్‌కు 0.24 కలిపి ఎలక్ట్రానిక్ టైమ్‌గా మార్చి రాయకండి, “చేతి టైమ్” అని పక్కన రాస్తే లెక్క వాళ్లే వేసుకుంటారు. గాలి కొలిచే పరికరం లేకపోతే “గాలి కొలవలేదు” అనండి.

టైమ్ పక్కన తప్పక ఉండాల్సినవి:

- తేదీ
- చేతి టైమా, ఎలక్ట్రానిక్ టైమా
- మట్టి గ్రౌండా, గడ్డా, సింథటిక్ ట్రాకా
- ఒంటరిగా పరుగెత్తిందా, పోటీలోనా
- కాళ్లకు ఏముంది: ఉత్త కాళ్లు, కాన్వాస్ బూట్లు, స్పైక్స్

## 4. ఒక్క మంచి టైమ్ కాదు, టైమ్‌ల వరస

అత్యుత్తమ టైమ్ ఒక్కటే రాస్తే పిల్ల ఈరోజు ఎక్కడుందో తెలుస్తుంది. అది ట్రయల్‌లోనూ తెలుస్తుంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగేది మీరొక్కరే. మన ఉదాహరణలో అమ్మాయి వరస ఇలా ఉంది:

| ఎప్పుడు | 600 మీ. టైమ్ | ఎత్తు | ఎక్కడ |
|---|---|---|---|
| ఆగస్టు 2023 | 2:04.0 | 146 సెం.మీ. | స్కూల్, మట్టి, చేతి టైమ్ |
| ఫిబ్రవరి 2024 | 1:57.6 | 149 | స్కూల్, మట్టి, చేతి టైమ్ |
| నవంబర్ 2024 | 1:52.4 | 153 | స్కూల్, మట్టి, చేతి టైమ్ |
| డిసెంబర్ 2025 | 1:47.3 | 156 | స్కూల్, మట్టి, చేతి టైమ్ |
| జనవరి 2026 | 1:46.52 | 156 | రాష్ట్ర పోటీ, సింథటిక్, ఎలక్ట్రానిక్ |

ఎత్తు ఎందుకు? పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు పెరుగుతుంటారు, కాళ్లు సాగితే టైమ్ దానంతటదే తగ్గుతుంది. చదివే కోచ్ మనసులో మొదటి ప్రశ్న ఇదే: ఇందులో పెరుగుదల ఎంత, శిక్షణ ఎంత? పట్టిక దానికి కొంత సమాధానం చెబుతోంది. 2024 నవంబర్ నుంచి ఏడాది పైచిలుకులో పిల్ల పెరిగింది 3 సెంటీమీటర్లే, టైమ్ మాత్రం 5 సెకన్లు తగ్గింది.

చివరి వరసకు ఇంకో ఉపయోగం ఉంది. స్కూల్ మట్టి మీద మీరు తీసిన టైమ్‌కూ, రాష్ట్ర పోటీలో యంత్రం తీసిన టైమ్‌కూ పెద్ద తేడా లేదు. మీ వాచీ నిజం చెబుతోందని యంత్రమే సాక్ష్యం పలికినట్టు. స్కూల్‌లో 1:41, పోటీలో 1:47 ఉన్న పిల్లల దరఖాస్తులు వస్తూనే ఉంటాయి. అలాంటివి చూసినప్పుడు ఎవరైనా అనుమానించేది పిల్లను కాదు, కోచ్‌ను.

ల్యాప్ టైమ్‌లు రాసిపెట్టుకుని ఉంటే అవీ ఇవ్వండి. 200 మీటర్ల ట్రాక్‌కు ఉన్న సుఖమే అది, పిల్ల ప్రతి ల్యాప్‌కూ మీ ముందు నుంచే పోతుంది. 2023లో ఈమె ల్యాప్‌లు 35, 42, 47 సెకన్లు. ఇప్పుడు 34, 37, 36. మొదటి ల్యాప్‌లో రెండేళ్లకు తగ్గింది ఒక్క సెకనే. మిగతా 16 సెకన్లూ తర్వాతి రెండు ల్యాప్‌ల్లోనే తగ్గాయి. పిల్ల పరుగును పంచుకోవడం నేర్చుకుందని, దమ్ము పెరిగిందని ఇంతకన్నా చిన్నగా చెప్పలేం. “అద్భుతమైన స్టామినా” అన్న మాట ఇక అక్కర్లేదు.

## 5. మీరిచ్చిన శిక్షణ తక్కువైతే తక్కువేనని రాయండి

చాలామంది కోచ్‌లు తడబడేది ఇక్కడ. తమ శిక్షణ చిన్నబోతుందని “రోజూ ఉదయం, సాయంత్రం శాస్త్రీయ శిక్షణ” అని రాస్తారు. దానితో పిల్లకే నష్టం.

అకాడమీ కోచ్ వైపు నుంచి చూడండి. వారానికి పది సెషన్లు, స్పైక్స్, జిమ్ అన్నీ దొరికి 1:46 వచ్చిన పిల్ల ఒకరు. వారానికి ఐదు పూటలు, పూటకు గంట, మట్టి గ్రౌండ్ మీద కాన్వాస్ బూట్లతో 1:46 వచ్చిన పిల్ల ఇంకొకరు. రెండో పిల్లలో ఇంకా తోడని నీళ్లున్నాయని ఆయనకు తెలుసు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పండి: వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు, పరీక్షల నెలల్లో ఏమవుతుంది, వానాకాలం గ్రౌండ్‌లో నీళ్లు నిలిస్తే ఎన్ని వారాలు పోతాయి, బరువుల శిక్షణ ఉందా లేదా.

హాజరు కూడా అంకెల్లోనే. “చాలా రెగ్యులర్” బదులు “2025 జూన్ నుంచి 2026 జనవరి వరకు జరిగిన 150 ఉదయపు ప్రాక్టీసుల్లో 134కు వచ్చింది. రాని 16లో 12 కాలి నొప్పి వల్ల” అంటే రిజిస్టర్ ఉందని చదివేవాడికి తెలిసిపోతుంది.

## 6. ట్రయల్‌లో కనపడనివి మూడు

మొదటిది హాస్టల్. సంక్రాంతికి ఇంటికెళ్లి మళ్లీ తిరిగిరాని పిల్లలు ప్రతి అకాడమీలోనూ ఉంటారు. ఒక సీటు సగం ఏడాది ఖాళీ పోవడం వాళ్లకు పెద్ద నష్టం. పిల్ల ఇంటికి దూరంగా ఎప్పుడైనా ఉందా, ఉన్నప్పుడు ఎలా ఉంది? “రాష్ట్ర పోటీలకు నాలుగు రోజులు జట్టుతో ఉంది. మొదటి రాత్రి ఏడ్చింది, రెండో రోజు నుంచి కుదుటపడింది” అని రాసినా తప్పేం లేదు. పద్నాలుగేళ్ల పిల్ల మొదటి రాత్రి ఏడవకపోతేనే వింత.

రెండోది, చెప్పింది ఎక్కించుకునే తీరు. ఒక్క సంఘటన చాలు. ఏ తప్పు చెప్పారు, దిద్దుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది, ఇప్పుడెలా ఉంది. ఈ అమ్మాయి విషయంలో మొదటి ల్యాప్‌లో అందరికన్నా ముందుకు దూకేసే అలవాటు ఉండేది. మూడు నెలల పాటు ప్రతి శనివారం మొదటి ల్యాప్ 36 సెకన్ల కన్నా ముందు వస్తే ఆపి మళ్లీ మొదలుపెట్టించారు. ఇలాంటిది రెండు వాక్యాల్లో అయిపోతుంది.

మూడోది ఓటమి తర్వాతి వారం. ఓడిన రోజు అందరూ ఏడుస్తారు, దాంతో ఏమీ తేలదు. తర్వాతి సోమవారం గ్రౌండ్‌కు వచ్చిందా, వస్తే ఏం అడిగింది? మీకు గుర్తుంటే రాయండి. గుర్తులేకపోతే కల్పించకండి, ఈ అంశాన్ని వదిలేయండి.

## 7. లోపం, గాయం

లోపం లేని లేఖను ఎవరూ పూర్తిగా నమ్మరు. అలాగని “చదువులో కొంచెం వెనక” లాంటి సంబంధం లేని లోపం రాయడం దాటవేత. పరుగులో లోపమే రాయండి, దాని మీద మీరేం చేశారో, మీవల్ల కానిది ఏమిటో చెప్పండి. ఈ అమ్మాయికి లేన్‌లలో పరుగెత్తిన అనుభవం లేదు, స్పైక్స్ వేసుకుని రెండు వారాలే అయింది, గుంపులో మోచేతులు తగిలితే వెనక్కి తగ్గుతుంది. మూడోది స్కూల్‌లో దిద్దలేకపోయారు, ఎందుకంటే ఆమెతో సమానంగా పరుగెత్తే పిల్లలు అక్కడ లేరు. అకాడమీకి ఎందుకు వెళ్లాలో ఆ ఒక్క వాక్యమే చెబుతోంది.

గాయం దాస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, పిల్ల కాలు మీదే బయటపడుతుంది. తల్లిదండ్రుల అంగీకారంతో ఎప్పుడు, ఎక్కడ నొప్పి, ఎన్ని రోజులు విశ్రాంతి, మళ్లీ వచ్చిందా అన్నంత వరకే రాయండి. మీరు డాక్టర్ కాదు కాబట్టి రోగం పేరు మీ సొంతంగా పెట్టకండి. ఆడపిల్లల నెలసరి వివరాలు లేఖలోకి రానే కూడదు. అవి అకాడమీ డాక్టర్‌తో పిల్ల, తల్లి మాట్లాడుకునే సంగతులు.

## 8. లేఖ వరస, నమూనా

ఒక పేజీ. పట్టిక రెండో పేజీలో. వరస ఇది: మీరెవరు, పిల్లను ఎన్నాళ్లుగా ఎరుగుదురు, ఇప్పటి స్థాయి, వచ్చిన దారి, శిక్షణ, మనిషి, లోపం, గాయం, మీ సిఫారసు, ఫోన్ నంబర్. పక్క రాష్ట్రానికి పంపేదైతే ముందు తెలుగులోనే రాసి, తర్వాత ఇంగ్లిష్ టీచర్‌తో మార్పించండి. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే వచ్చేవి ఆ పాత పొగడ్తలే.

> చీఫ్ కోచ్ గారికి,
>
> విషయం: కుమారి …………, తొమ్మిదో తరగతి, 600 మీటర్లు, ప్రవేశానికి సిఫారసు
>
> నేను ………… జిల్లా పరిషత్ హైస్కూల్‌లో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఈ విద్యార్థినికి 2023 ఆగస్టు నుంచి నేనే శిక్షణ ఇస్తున్నాను. ఆమె నాకు బంధువు కాదు. జనన పత్రం ప్రకారం పుట్టిన తేదీ …………
>
> 2026 జనవరిలో జరిగిన రాష్ట్ర పోటీల్లో అండర్-16 బాలికల 600 మీటర్లలో 19 మందిలో 7వ స్థానంలో వచ్చింది. టైమ్ 1:46.52, ఎలక్ట్రానిక్. సింథటిక్ ట్రాక్ మీద ఆమెకు అదే మొదటి పరుగు.
>
> 2023లో మా మట్టి గ్రౌండ్ మీద ఆమె టైమ్ 2:04.0. ల్యాప్‌లు 35, 42, 47 సెకన్లు. గత డిసెంబర్‌లో అదే గ్రౌండ్ మీద 1:47.3, ల్యాప్‌లు 34, 37, 36. మొదట్లో ముందుకు దూకి చివర చతికిలబడేది. దిద్దుకోవడానికి మూడు నెలలు పట్టింది. తేదీలు, ఎత్తుతో పట్టిక జతచేశాను. మా ట్రాక్ 200 మీటర్లది, స్టీలు టేపుతో లోపలి గీత మీదే కొలిచాం. టైమ్‌లన్నీ నేను తీసినవే.
>
> శిక్షణ వారానికి ఐదు ఉదయాలు, గంట చొప్పున. బరువుల శిక్షణ లేదు. పరీక్షల కాలంలో మూడు వారాలు ఆపుతాం. జూన్ నుంచి జనవరి వరకు 150 ప్రాక్టీసుల్లో 134కు హాజరైంది.
>
> రాష్ట్ర పోటీలకు నాలుగు రోజులు ఇంటికి దూరంగా ఉంది. మొదటి రాత్రి బెంగపడింది, తర్వాత సర్దుకుంది. పోటీ అయిన సోమవారం గ్రౌండ్‌కు వచ్చి, గెలిచిన అమ్మాయి రెండో ల్యాప్ ఎంతలో వేసిందని అడిగింది.
>
> గుంపులో పరుగెత్తేటప్పుడు వెనక్కి తగ్గుతుంది. ఆమెకు సరిజోడు మా స్కూల్‌లో లేనందున నేను దిద్దలేకపోయాను. 2025 సెప్టెంబర్‌లో కుడి మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి వస్తే డాక్టర్ సలహాతో పరుగు ఆపాం, 12 ప్రాక్టీసులు పోయాయి. తర్వాత ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. తల్లిదండ్రుల అంగీకారంతో ఇది రాస్తున్నాను.
>
> గత ఎనిమిదేళ్లలో మా స్కూల్‌లో 600 పరుగెత్తిన బాలికల్లో ఈమెదే ఉత్తమ టైమ్. తనతో సమానమైన వాళ్ల మధ్య రోజూ పరుగెత్తే చోటు ఆమెకు ఇప్పుడు కావాలి. ట్రయల్స్‌కు పిలవవలసిందిగా కోరుతున్నాను. నోటుబుక్కు, హాజరు రిజిస్టర్ అడిగితే చూపిస్తాను.
>
> సంతకం, పేరు, అర్హత, ఫోన్, తేదీ

“సీటు ఇవ్వాలి” అని ఎక్కడా లేదు చూడండి. ట్రయల్స్‌కు పిలవమని అడగడమే మన హద్దు. “ఉత్తమ టైమ్” అన్నప్పుడు ఎవరిలో ఉత్తమమో చెప్పారు. ఆ చుట్టుగీత లేకపోతే ఆ మాటకు బరువు లేదు.

## 9. తరచూ దొర్లే తప్పులు, దిద్దే తీరు

“రాష్ట్రస్థాయి క్రీడాకారిణి.” ఎవరు జరిపిన రాష్ట్రస్థాయి? స్కూల్ గేమ్స్ ఒకటి, అథ్లెటిక్స్ అసోసియేషన్ పోటీ ఒకటి, డబ్బు కట్టి ఎవరైనా వెళ్లే ఆహ్వాన పోటీ ఇంకొకటి. నిర్వహించినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎంతమందిలో ఎన్నో స్థానం అన్నవి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి. ముగ్గురు పరుగెత్తిన పోటీలో మూడో స్థానం వస్తే, ముగ్గురని రాయలేకపోతే ఆ పతకాన్నే వదిలేయండి.

తండ్రి రాసుకొచ్చి సంతకం పెట్టమనడం. చదివేవాడికి మొదటి పేరాలోనే తెలిసిపోతుంది, కోచ్‌కు తట్టే విషయాలు అందులో ఉండవు. ఆ కాగితం తీసుకుని, అందులోని తేదీలు మాత్రం వాడుకుని, మిగతాది మీరే రాయండి.

ఒకే లేఖ ముగ్గురు పిల్లలకు. ఒకే స్కూల్ నుంచి ముగ్గురు వెళ్తే ముగ్గురి లేఖలూ ఒకే బల్ల మీదకు చేరతాయి. పేరు తీసేసి చదివినా ఇది ఏ పిల్లదో మీకు తెలియాలి. తెలియకపోతే తిరిగి రాయండి. ముగ్గురిలో ఎవరు మెరుగని అకాడమీ ఫోన్‌లో అడిగితే నిజమే చెప్పండి.

పేదరికం కథ. కుటుంబ ఆదాయం ఫీజు మినహాయింపుకు అవసరమైతే దానికి ఆదాయ ధ్రువీకరణ పత్రం ఉంది. లేఖలో ఒక్క వాక్యం మించనివ్వకండి. పిల్ల కూడా ఆ కాగితం చదువుతుంది.

ఎమ్మెల్యే గారి లెటర్ జతచేయడం. వద్దు. మీ లేఖ మీద మీకే నమ్మకం లేదని చెప్పినట్టు అవుతుంది.

స్కూల్ లెటర్‌హెడ్ మీద హెడ్మాస్టర్‌కు తెలియకుండా రాయడం. ప్రభుత్వ స్కూల్‌లో ఇది మీకే చుట్టుకుంటుంది. హెచ్ఎం సంతకం, స్టాంపు వేయించండి, లేదంటే తెల్ల కాగితం మీద మీ పేరుతో పంపండి.

## 10. పంపే ముందు, పంపాక

- లేఖలోని ప్రతి అంకెను నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఇంకొకరితో చదివించారా
- పిల్ల పేరు, ఇంటిపేరు జనన పత్రంలోని అక్షరాలతో సరిపోయాయా
- ఆధార్ నంబర్, ఇంటి అడ్రసు లేఖలోకి రాలేదు కదా (అవి దరఖాస్తులో ఉంటాయి)
- బంధుత్వం ఉంటే చెప్పారా
- స్కాన్‌లో స్టాంపు, సంతకం, తేదీ స్పష్టంగా పడ్డాయా
- ఫైల్ పేరు చూడగానే తెలిసేలా ఉందా: `600m_U16_Girls_CoachLetter.pdf` లాంటిది, `scan0012.pdf` కాదు
- కోచ్ నేరుగా పంపాలని నోటిఫికేషన్‌లో ఉంటే తల్లిదండ్రుల చేతికివ్వకుండా మీ మెయిల్ నుంచే పంపారా

ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అకాడమీ నుంచి ఫోన్ వస్తే అది ఎప్పుడొస్తుందో తెలియదు, పెళ్లిలో ఉన్నప్పుడైనా రావచ్చు. అడిగేది సాధారణంగా రెండు విషయాలే: ఆ టైమ్ ఎవరు తీశారు, నొప్పి మళ్లీ వచ్చిందా. కాపీ ఫోన్‌లో ఉంటే తడుముకోకుండా చెప్పగలరు.

లేఖ వెళ్లాక ట్రయల్స్‌లోపు పిల్లకు మళ్లీ నొప్పి వచ్చినా, పోటీలో కొత్త టైమ్ పడినా, రెండు లైన్ల మెయిల్ పెట్టండి. కొత్త టైమ్ పాతదాని కన్నా నెమ్మదిగా ఉన్నా సరే, పెట్టండి.